"మీడియం" అనకండి, మీ డ్రిప్పర్ గురించి చెప్పండి

ప్రశ్న: ఇంట్లో గ్రైండర్ లేదు. ఈమధ్యే కోన్ డ్రిప్పర్ కొన్నాను. కాగితం ఫిల్టర్ వేసి, 18 గ్రాముల పొడికి 300 గ్రాముల నీళ్లు పోసి ఒక పెద్ద మగ్గు కాఫీ చేసుకుంటాను. మొదటిసారి షాపులో "ఫిల్టర్‌కి పట్టండి" అన్నాను. నీళ్లు ఒకటిన్నర నిమిషంలో దిగిపోయాయి, కాఫీ పుల్లగా, పల్చగా వచ్చింది. రెండోసారి "ఇంకా మెత్తగా పట్టండి" అన్నాను. ఈసారి దిగడానికి ఏడు నిమిషాలు పట్టింది, నోట్లో పెట్టుకోలేనంత చేదు. రెండు ప్యాకెట్లూ సగం సగం మిగిలే ఉన్నాయి. షాపువాళ్లకి అసలు ఏమని చెప్పాలి?

జవాబు: మీకు జరిగినదాంట్లో షాపువాళ్ల తప్పు ఎంతుందో "ఫిల్టర్" అన్న మాట తప్పు కూడా అంతే ఉంది. ఆ మాట వినగానే కౌంటర్ దగ్గరున్న మనిషి తనకి అలవాటైన ఫిల్టర్ని ఊహించుకుంటాడు. కొన్నిచోట్ల అది ఒక్కసారికి లీటరు కాఫీ దించే డ్రిప్ మెషీన్. దాని బుట్ట వెడల్పుగా, అడుగు చదునుగా ఉంటుంది. అందులో 50, 60 గ్రాముల పొడి పోస్తారు. అంత పొడిలోంచి లీటరు నీళ్లు దిగాలి కాబట్టి పొడిని కాస్త బరకగానే పడతారు. అదే పొడి 18 గ్రాములు మీ చిన్న కోన్‌లో వేస్తే నీళ్లకి అడ్డేముంది? జారిపోతాయి. మీ మొదటి ప్యాకెట్ కథ దాదాపు ఇదే అయ్యుంటుంది.

రెండోసారి మీరన్న "ఇంకా మెత్తగా"లో చిక్కేమిటంటే, దేనికంటే మెత్తగా అన్నది అవతలి మనిషికి తెలియదు. మొదటి ప్యాకెట్ ఏ నంబరు మీద పట్టారో అతని దగ్గర రాసి లేదు. పట్టింది వేరే మనిషి కూడా కావచ్చు. మెత్తగా అనగానే చేతికి అలవాటైన మెత్తని సెట్టింగ్‌కి, అంటే ఎస్ప్రెస్సో దగ్గరికి తిప్పేసి ఉంటాడు. ఆ పొడి కోన్ అడుగున బురదలా పట్టేసింది, నీళ్లు నిలబడిపోయాయి.

కోన్ డ్రిప్పర్‌కి ఇంత పట్టింపు ఎందుకో ఒకసారి చూడండి. కుళాయి కట్టేసినట్టు నీళ్లు ఆపడానికి దానికి మూత లేదు, కింద ఒక రంధ్రమే. నీళ్లు ఎంతసేపు పొడితో ఉండాలో నిర్ణయించేది పొడే. మెత్తబడే కొద్దీ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. రేణువులు చిన్నవై నీళ్లకి తగిలే ఉపరితలం పెరుగుతుంది, సందులు తగ్గి నీళ్లు ఆలస్యంగా దిగుతాయి. అంటే ఎక్కువ ఉపరితలం, పైగా ఎక్కువ సమయం. అందుకే కోన్‌లో కొద్ది తేడా కూడా రుచిలో పెద్ద తేడాగా తెలుస్తుంది. ఫ్రెంచ్ ప్రెస్‌లో ఇంత బాధ లేదు, అక్కడ సమయం మీ చేతిలోనే ఉంటుంది. నాలుగు నిమిషాలు ఆగి వంపేస్తే సరి.

కాబట్టి షాపులో మెత్తన, బరక, మీడియం అనే మాటలు పక్కన పెట్టండి. ఒక్కొక్కరి మీడియం ఒక్కోలా ఉంటుంది. ఈ నాలుగు చెప్పండి: మీ సాధనం ఏది, అందులో ఫిల్టర్ దేంతో చేసింది, ఒకసారికి ఎంత పొడి ఎన్ని నీళ్లు, మొత్తం ఎంతసేపట్లో దిగాలి. మీ విషయంలో అది ఇలా ఉంటుంది: "కోన్ డ్రిప్పర్ అండీ, ఒక మగ్గుకి. కాగితం ఫిల్టర్. ఒకసారికి 18 గ్రాముల పొడి, 300 గ్రాముల నీళ్లు. మొదటి చుక్క నీళ్లు పోసిన దగ్గర్నుంచి మూడు నిమిషాలకి అటూఇటూగా దిగిపోవాలి." డ్రిప్పర్ బ్రాండ్ పేరు తెలిస్తే అదీ చెప్పండి, లేకపోతే ఫోన్‌లో ఫొటో చూపించండి. నలుగురూ లైన్లో ఉన్నప్పుడు నత్తినత్తిగా వర్ణించడం కంటే ఫొటో చాలా సులువు.

ఫిల్టర్ దేంతో చేసిందో ఎందుకంటే, కాగితాల్లోనూ పల్చనివీ మందంవీ ఉన్నాయి. మందం కాగితం నీళ్లని మరీ నెమ్మదిగా వదులుతుంది, దానికి పొడి ఇంకాస్త బరకగా ఉండాలి. లోహపు జల్లెడ అయితే నీళ్లు త్వరగా పోతాయి గానీ సన్నటి పొడి కప్పులోకి దిగి అడుగున మడ్డి పేరుకుంటుంది. ఇక పొడి పరిమాణం సంగతి. కోన్‌లో 18 గ్రాముల పొడి ఒక ఎత్తు, 30 గ్రాముల పొడి ఇంకో ఎత్తు. పొర మందమైతే నీళ్లు ఆలస్యమవుతాయి, కాబట్టి ఇద్దరికి చేసేవాళ్ల పొడి ఒక్కరికి చేసేవాళ్ల పొడి కంటే కొంచెం బరకగా ఉంటేనే సరిగ్గా దిగుతుంది. ఒక్కరికే చేస్తారా, ఇద్దరికా అని అడిగే షాపు ఉంటే ఆ షాపు వదలకండి.

ఇంకో మాట, నంబర్ల గురించి. ఎక్కడో చదివి లేదా స్నేహితులు చెప్పగా "18 మీద పట్టండి" అని అడగడం చాలామంది చేస్తారు. ఒక గ్రైండర్ మీద 18 అంటే పిండి, ఇంకోదాని మీద 18 అంటే పంచదార పలుకు. ఒకే కంపెనీ ఒకే మోడల్ గ్రైండర్లు రెండున్నా, పళ్లు అరిగిన తీరుని బట్టి, బిగించిన తీరుని బట్టి వాటి నంబర్లు ఒకటి కావు. నాకిది బాగా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. ఫ్రెంచ్ ప్రెస్ కొన్న కొత్తలో స్నేహితుడి ఇంట్లో గ్రైండర్ నంబరు రాసుకుని, షాపుకెళ్లి అదే నంబరు చెప్పాను. వాళ్లూ మారు మాట్లాడకుండా పట్టి ఇచ్చేశారు. ఇంటికొచ్చి నాలుగు నిమిషాలయ్యాక ప్లంజర్ నొక్కితే దిగదు. పంతం పట్టి రెండు చేతులతో నొక్కాను. పక్క సందులోంచి వేడి కాఫీ చిమ్మి మణికట్టు మీద పడింది. ప్రెస్ మెష్ నిండా బంకమట్టి లాంటి పొడి. ఆ నంబరు నాకు పనికిరాలేదు. షాపువాళ్లు "ఏ సాధనానికి?" అని ఒక్క మాట అడిగి ఉంటే అక్కడే తేలిపోయేది, నేను చెప్పినా తేలిపోయేది.

అయితే నంబరు అసలు పనికిరాదని కాదు. అదే షాపు, అదే గ్రైండర్ అయితే అంతకంటే విలువైన సమాచారం లేదు. పొడి పట్టాక "ఏ నంబరు మీద పట్టారో ప్యాకెట్ మీద రాయండి" అని అడగండి. తేదీ కూడా రాయించండి. వెళ్లిన ప్రతిసారీ "పోయినసారి ఈ నంబరు మీద పట్టారు, ఇంత సమయం పట్టింది" అని చెప్పగలిగితే అవతలి మనిషి ఊహించాల్సిన పని ఉండదు.

ఇప్పుడు కౌంటర్ దగ్గర చేయాల్సిన పనులు. మొత్తం సంచీ ఒకేసారి పట్టించకండి. ముందు గుప్పెడు గింజలు, 10, 15 గ్రాములు, వేసి పట్టమని అడగండి. ఆ కాస్త పొడికి రెండు లాభాలు. గ్రైండర్ లోపల అంతకుముందు పట్టిన వాళ్ల పొడి కొంత అతుక్కుని ఉంటుంది, అది దీంతో పాటు బయటికొచ్చేస్తుంది. ఆ గ్రైండర్‌లో వనిలా లాంటి సువాసన పూసిన గింజలు పట్టి ఉంటే ఈ జాగ్రత్త మరీ అవసరం, ఆ వాసన అంత త్వరగా పోదు. అలాంటి గింజలకి వేరే గ్రైండర్ వాడుతున్నారా అని అడిగినా తప్పులేదు. రెండో లాభం, ఆ పొడి మీరు కళ్లారా చూడొచ్చు. దాన్ని తెల్ల కాగితం మీద పోసి వేలితో పరచండి. మెత్తటి టేబుల్ సాల్ట్ రేణువు కంటే కొంచెం పెద్దగా, పంచదార కంటే కొంచెం చిన్నగా, వేళ్ల మధ్య నలిపితే గరగరమని తగిలితే మీ కోన్‌కి దగ్గర్లో ఉన్నట్టు. వేళ్లకి పౌడరులా అంటుకుని, నొక్కితే ముద్దగా నిలబడితే అది ఎస్ప్రెస్సో వైపు పొడి, అక్కడే ఆపమనండి. ఇది ఉజ్జాయింపు కొలతే. పంచదార కూడా అన్ని చోట్లా ఒకే పలుకు ఉండదు కదా.

ఈ పరీక్ష ఎందుకంత ముఖ్యమంటే, పట్టేశాక పొడిలో తప్పు దిద్దుకోవడం కష్టం. బరకగా ఉంటే ఇంకా మెత్తన చేయొచ్చేమో అనిపిస్తుంది, కానీ ఒకసారి పట్టిన పొడిని మళ్లీ గ్రైండర్‌లో వేస్తే అది పళ్ల మధ్యకి సరిగా జారదు, కొంత పిండి అయిపోతుంది, కొంత అలాగే ఉంటుంది. చాలామంది షాపువాళ్లు గ్రైండర్ అడ్డుపడుతుందని ఒప్పుకోరు కూడా. మెత్తబడిందైతే ఇక వెనక్కి రాదు. అందుకే కొత్త గింజలతో, కొత్త షాపులో, అనుమానంగా ఉన్నప్పుడు కాస్త బరక వైపే ఉండమనండి. బరక పొడిని కాపాడుకునే దారులు ఇంట్లో ఎక్కువ.

మరో చిన్న ఎత్తు: 250 గ్రాములు కొంటే అందులో సగమే పట్టించండి. రోజుకి 18 గ్రాముల లెక్కన 125 గ్రాముల పొడి ఒక వారం వస్తుంది. మిగతా సగం గింజలుగానే ఉంచుకుని, వారం తర్వాత షాపుకెళ్లినప్పుడు సరిదిద్దిన నంబరు మీద పట్టించుకోండి. పొడి తప్పినా సగం సంచీ చేతిలో ఉంటుంది, పైగా రెండో సగం తాజాగా ఉంటుంది. పట్టిన క్షణం నుంచే పొడి లోపలి కార్బన్ డయాక్సైడ్, దాంతో పాటు వాసన బయటికి పోవడం మొదలవుతుంది, గాలి తగలడం కూడా పెరుగుతుంది. గింజకి వారం ఏమంత లెక్క కాదు, పొడికి మాత్రం తేడా తెలుస్తుంది. వేరే షాపులో కొన్న గింజల్ని కొన్ని షాపులు పట్టవు, కాబట్టి కొన్నచోటే, మిగతా గింజలు తర్వాత తెస్తే పడతారా అని ముందే అడగండి.

ఇప్పుడు మీ మూడో ప్యాకెట్ ఎలా నడుస్తుందో చూద్దాం. నాలుగు సంగతులూ చెప్పారు, షాపువాళ్లు 9 మీద పట్టి ప్యాకెట్ మీద రాశారనుకుందాం. ఇంటికొచ్చి 18 గ్రాములు వేసి, నీళ్లు మరిగాక పొయ్యి కట్టి అర నిమిషం ఆగి, మొదట 45 గ్రాముల నీళ్లు పోసి పొడంతా తడిపి 40 సెకన్లు ఆగారు. తర్వాత మిగతా నీళ్లు మూడు విడతల్లో పోశారు. చివరి చుక్క పడేసరికి రెండు నిమిషాల పది సెకన్లు. రుచి చూస్తే కొంచెం పుల్లగా, నాలుక మధ్యలో ఖాళీగా ఉంది. అంటే ఇంకాస్త మెత్తబడాలి. వెంటనే షాపుకి పరుగెత్తకండి. మర్నాడు కూడా సరిగ్గా అలాగే పోసి చూడండి. పోసే తీరు మారితే సమయం మారుతుంది, ఆ నింద పొడి మీద వేస్తే లెక్క తప్పుతుంది. రెండోరోజూ రెండు నిమిషాల పావు దగ్గరే దిగింది. వారం తర్వాత షాపులో చెప్పాల్సింది: "పోయినసారి 9 మీద పట్టారు, రెండు నిమిషాల పావుకే దిగిపోయింది, కొంచెం పుల్లగా ఉంది, ఒక అడుగు మెత్తగా పట్టండి." ఎంత తిప్పాలో తమ గ్రైండర్ గురించి వాళ్లకే తెలుస్తుంది. కొత్త పొడి మూడు నిమిషాలు దాటి దిగింది, పులుపు పోయింది, తియ్యదనం కాస్త వచ్చింది. ఆ నంబరు ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఆ గింజ పేరుతో సహా.

గింజ పేరెందుకంటే అదే నంబరు అన్ని గింజలకీ కుదరదు. ముదురుగా వేయించిన గింజ పెళుసుగా ఉంటుంది, పట్టేటప్పుడు సన్నటి నుసి ఎక్కువ వస్తుంది, రుచీ తేలిగ్గానే నీళ్లలోకి దిగుతుంది. కాబట్టి దానికి కొద్దిగా బరకగా అడగొచ్చు. లేతగా వేయించిన గింజ గట్టిగా ఉంటుంది, రుచి వదలడానికి మొండికేస్తుంది, కాస్త మెత్తగా అడగాలి. గింజ మార్చిన రోజు అదే నంబరు అడిగి, సమయం చూసుకుని, తర్వాత సరిచేసుకోవడం మంచి పద్ధతి.

రుచిని బట్టి తప్పు పట్టుకోవడంలో ఒక పొరపాటు సులువుగా జరుగుతుంది. చేదుగా ఉంటే పొడి మెత్తబడిందనే అనుకుంటాం. కానీ ముదురు గింజకి చేదు సహజంగానే ఉంటుంది. అందుకే నేను ముందు గడియారం చూస్తాను, తర్వాత నాలుక. మూడు నిమిషాల్లోపే దిగి చేదుగా ఉంటే గింజనీ నీళ్ల వేడినీ అనుమానించండి. ఐదు నిమిషాలు దాటి దిగి, చేదుతో పాటు నాలుక ఎండిపోయినట్టు వగరుగా ఉంటే పొడి మెత్తబడిందనడంలో అనుమానం లేదు. అప్పుడు కాగితం చూడండి, గోడల మీద బురదలా మెత్తటి పూత అంటుకుని, నీళ్లు ఆఖర్న ఒక గుంటలో నిలబడి ఉంటాయి.

మీరు రేపు సాధనం మార్చినా ఈ పద్ధతే పనికొస్తుంది. మోకా పాట్‌కి పొడి ఎస్ప్రెస్సో అంత మెత్తగా వద్దు, కోన్ పొడి కంటే మెత్తగా చాలు. దాని బుట్టలో పొడి నొక్కకుండా సమంగా నింపాలని కూడా గుర్తుంచుకోండి. మరీ మెత్తబడితే పైకి రావడానికి ఎక్కువసేపు పట్టి, చిటపటమని చిమ్మి, మాడు వాసన వస్తుంది. ఎస్ప్రెస్సో మెషీన్ ఉన్నవాళ్లకి మాత్రం నేను ఒక్కటే అడుగుతాను: బుట్టకి లోపల ఒకే గోడా, లేక రెండు గోడలా? రెండు గోడల బుట్టలో అడుగున ఒక్క చిన్న రంధ్రం ఉంటుంది, ఒత్తిడి అదే తెస్తుంది, కాబట్టి షాపులో పట్టించిన పొడితో నడుస్తుంది. ఒకే గోడ బుట్టలో ఒత్తిడి తేవాల్సింది పొడే. రోజురోజుకీ నంబరు కాస్త కాస్త మార్చుకుంటూ పోవాలి, షాపు పొడితో అది కుదరదు. దానికి ఇంట్లో గ్రైండర్ తప్పదు.

పట్టించిన పొడి నిల్వ సంగతి తక్కువలోనే తేలిపోతుంది. గాలి చొరబడని డబ్బాలో, పొయ్యికీ ఎండకీ దూరంగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి పెడుతుంటే చెమ్మ పడుతుంది, వాసనలు పట్టుకుంటాయి. రెండు వారాలకి పైగా ఉంచాలంటే రోజుకి సరిపడా చిన్న పొట్లాలు గాలి లేకుండా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చాకే విప్పండి, చల్లగా ఉండగా విప్పితే పొడి మీద నీటి ఆవిరి పేరుకుంటుంది.

ఇక ఇప్పుడున్న రెండు సగం ప్యాకెట్లు. రెండూ కలిపితే మధ్యస్థంగా వస్తుందని అనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. మెత్తటి పొడి చేదు వదులుతుంటే, బరక పొడి ఇంకా పుల్లగానే ఉంటుంది, ఒకే కప్పులో రెండు తప్పులూ దొరుకుతాయి. మెత్తటి దాన్ని వాడాలంటే పొర పల్చగా ఉండాలి. 12 గ్రాముల పొడికి 200 గ్రాముల నీళ్లు చాలు. మరిగిన నీళ్లు నాలుగైదు నిమిషాలు చల్లారనిచ్చి, పొడి కదలకుండా మెల్లగా రెండే విడతల్లో పోయండి. నాలుగు నిమిషాలు దాటితే దిగినంతవరకే ఉంచుకుని డ్రిప్పర్ పక్కన పెట్టేయండి, చివర్లో కారేదాంట్లోనే వగరు ఎక్కువ.

బరకది మాత్రం బాగానే ఉపయోగపడుతుంది. దాన్ని డ్రిప్పర్‌లో పోయకండి, ఒక పెద్ద మగ్గులో 18 గ్రాములు వేసి, పొయ్యి మీద నుంచి దించగానే 300 గ్రాముల నీళ్లు పోసి, ఒకసారి కలిపి, ఆరేడు నిమిషాలు మూత పెట్టి వదిలేయండి. తర్వాత కదపకుండా కాగితం ఫిల్టర్‌లోంచి వంపుకోండి. పొడి ఎక్కువసేపు నీళ్లలో నానడం వల్ల పల్చదనం తగ్గుతుంది. అంత ఓపిక లేకపోతే 60 గ్రాముల పొడికి అర లీటరు చల్లటి నీళ్లు పోసి, మూత పెట్టి రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. 14, 15 గంటల తర్వాత వడకట్టి, అంతే నీళ్లు కలుపుకుని తాగండి. ఆ పద్ధతికి బరక పొడే కావాలి.